అమ్మమ్మ గడియ

వీధి తలుపు గడియ పడక ఆర్నెల్లయిందని అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. కోనసీమలో ఆ పెంకుటింట్లో ఆవిడొక్కతే ఉంటుంది. రాత్రిళ్ళు తలుపు దగ్గరగా వేసి, రుబ్బురోలు పొత్రం అడ్డంపెట్టి పడుకుంటోంది. సంక్రాంతికి వచ్చిన మనవడు చీకట్లో ఆ పొత్రాన్ని తన్నుకున్నాకే సంగతి బయటపడింది.

పొద్దున్నే అమలాపురం వెళ్ళి స్టీలు గడియ కొనుక్కొచ్చాడు. అమ్మమ్మ దాన్ని చేత్తో తడిమింది.

"బాగానే ఉందిరా నాన్నా. పడిందో లేదో నాకెలా తెలుస్తుందీ?"

ఆవిడకి చూపు సరిగా ఆనదు. పాత ఇత్తడి గడియ ఠంగుమంటే పడినట్టు. అదే లెక్క.

మనవడు స్టీలు గడియ పక్కన పెట్టాడు. పాతదాని కొసకి తడి కుంకుమ రాసి, తలుపేసి తోశాడు. ద్వారబంధం మీద మరక కన్నానికి పావంగుళం కిందపడింది. గడియ పడకపోతే తప్పు గడియదే అనుకుంటాం గానీ, ఇక్కడ కుంగింది తలుపు. పై మడతబందు మరమేకులు వదులైపోయాయి. తలుపు కింద చెక్కముక్క పెట్టి ఎత్తి, మేకుల కన్నాల్లో టేకు పుల్లలు జిగురుతో దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్ళీ బిగించాడు. గడియ కన్నానికి ఎదురుగా వచ్చింది.

కానీ కదలదే! ఏళ్ళ తరబడి తలుపుతోపాటు దానికీ రంగేసేశారు. పైగా దానికున్నవి ఇనప మరమేకులు. తేమగాలిలో ఇత్తడిని ఆనుకున్న ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. రాత్రంతా కిరసనాయిలు చుక్కలు వేసి నానబెడితే మూడు ఊడాయి, నాలుగోది తల విరిగింది.

గడియని పాత గిన్నెలో చాకలిసోడా వేసి అరగంట మరగబెడితే రంగు పొరలుగా లేచింది. వెదురుపుల్లతో గీకేశాడు. గరుకు కాగితం తీయబోతే అమ్మమ్మ కేకేసింది.

"దాంతో రుద్దితే గీతలు పడతాయిరా. చింతపండూ ఉప్పూ చాలు. ఎర్రబారకుండా వెంటనే కడిగెయ్."

ఆవిడ మాట నిజమే. ఇత్తడంటే రాగీ జింకూ. పులుసు ఎక్కువసేపు ఉంటే పైనున్న జింకు కరిగిపోయి రాగి ఎరుపు తేలుతుంది.

మళ్ళీ బిగించడానికి ఇత్తడి మరమేకులే తెచ్చాడు. అవి మెత్తన, బలవంతం చేస్తే తెగుతాయి. అందుకని ముందు స్టీలు మేకు తిప్పి దారి చేసి, అది తీసేసి, ఇత్తడిదానికి సబ్బు రాసి ఎక్కించాడు. శ్రావణంలో చెక్క ఉబ్బితే మళ్ళీ పట్టేస్తుందని కన్నాన్ని ఆకురాయితో కాస్త వెడల్పు చేశాడు.

కొత్త గడియ పెరటి తలుపుకి వేశాడు. అమ్మమ్మ దాన్ని రెండుసార్లు లాగి, తోసి, చెవి ఒగ్గి వింది.

"దీనికి నోరు లేదేరా?" అంది.