ఎవరిని చూసి పరిగెడుతున్నావురా?

మా నాన్నకి 63 ఏళ్ళు, నాకు 36. మొన్న జనవరిలో ఇద్దరం కలిసి రాజమండ్రి గోదావరి గట్టు మీద పది కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నాం. పుష్కర ఘాట్ దగ్గర మొదలుపెట్టి ధవళేశ్వరం వైపు ఐదు, మళ్ళీ వెనక్కి ఐదు. క్లాసులో కథలు చెప్పి బతికేదాన్ని కదా, దీన్ని కథగా రాద్దామని కూర్చున్నాను. కుదర్లేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. నాన్న కోనసీమలో పేటలో పుట్టాడు. పదేళ్ళప్పుడు బడికి ఆలస్యమైందని పెద్ద వీధిలోంచి పరిగెత్తాడు. అరుగు మీద కూర్చున్న ఒకాయన ఆపి చెంప మీద కొట్టాడు. "ఎవరిని చూసి పరిగెడుతున్నావురా? ఏం పట్టుకుపోతున్నావ్?" ఆ వీధిలో పేట పిల్లోడు పరిగెడితే రెండే అర్థాలు. ఏదైనా దొంగిలించుండాలి, లేదా పొగరెక్కుండాలి.

ఆ తర్వాత నాన్న పరిగెత్తలేదని కాదు. ఊడుపుల రోజుల్లో ఆకుమడి నుంచి చేలోకి ఆకు కట్టలు కావిడి మీద మోశాడు. అది నడకా కాదు, పరుగూ కాదు. తర్వాత కాలవ మీద లస్కరు ఉద్యోగం వచ్చింది. వానా వరదా అనకుండా గట్టెంట తిరగడమే పని. పని కోసం ఎంత పరిగెత్తినా మనల్ని ఎవరూ అడగరు. ఊరికే పరిగెడితేనే అడుగుతారు.

2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో మన దీప్తి జీవంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. వరంగల్ జిల్లా అమ్మాయి, అమ్మానాన్నలు కూలి పని చేసుకుని పెంచారు. నాన్న ఆ వార్త చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయితే పరిగెడితే పిలిచి మరీ పతకం ఇస్తారన్నమాట." ఇంకో రెండ్రోజులకి ఫోన్ చేసి, "మనం పరిగెత్తచ్చంటావా అమ్మా?" అని అడిగాడు.

ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బీపీ చూశారు, ఈసీజీ తీశారు, పర్లేదన్నారు. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండేలా బూట్లు కొన్నాం. ఖాళీ లేకపోతే పరుగులో వేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. శనివారాలు నేను ఊరెళ్ళేదాన్ని. తెల్లారకుండా ఏటిగట్టెక్కేవాళ్ళం. మొదటి రెండు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాత నడక తగ్గించాం. డిసెంబరు చివరికి ఎనిమిది కిలోమీటర్లు ఆగకుండా చేశాం.

వేగం ఎంతుండాలో నేను గడియారంలో చూసేదాన్ని. నాన్నకి గడియారం అక్కర్లేదు. పరిగెడుతూ కబుర్లు చెప్పేవాడు. ఏ తూము దగ్గర ఏ ఏడాది గండి పడింది, రాత్రంతా ఇసక బస్తాలు ఎవరెవరు మోశారు అని. నేను ఆ మాటలే వినేదాన్ని. వాక్యం పూర్తిగా వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. మూడు మాటలకోసారి తెగుతుంటే ఎక్కువైనట్టు. అప్పుడు ఆయనే తగ్గించేవాడు. "ఆయాసం వచ్చాక తగ్గితే లాభం లేదమ్మా. రాకముందే తగ్గాలి."

ఆయన అడుగు కూడా కావిడి అడుగే. చిన్నచిన్న అడుగులు, గబగబా పడతాయి. ఎందుకలా అని అడిగితే చెప్పాడు: "పెద్ద అడుగేస్తే కట్టలు ఊగుతాయి. ఊగితే భుజం కోసేస్తది." బరువు దించి నలభై ఏళ్ళయినా అడుగు మారలేదు.

పరుగు రోజు రానే వచ్చింది. చొక్కాకి నంబరు, దాని కింద పేరు. నాన్న ఆ పేరుని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. పీహెచ్‌డీ చేసినదాన్ని, నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. నాకు కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు, నాన్నకి ఎనిమిది. మొదలవగానే అందరూ దూసుకుపోయారు. "నువ్వు పో అమ్మా," అన్నాడు. హాస్టలుకి పంపినప్పుడూ ఇదే మాట, యూనివర్సిటీకి పంపినప్పుడూ ఇదే మాట. వెళ్ళిపోయాను.

మొదటి మూడు కిలోమీటర్లు ఒక్కోటి ఆరు నిమిషాల నలభై ఐదు సెకండ్లకే అయిపోయాయి. గాల్లో తేలుతున్నట్టుంది. చలికాలమే అయినా గోదారి పక్క గాలి చెమ్మగా ఉంటుంది. చెమట ఆరదు, కారుతుంది. ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. అది నేను పట్టించుకోలేదు. ఐదో కిలోమీటరుకి కాళ్ళు బరువెక్కాయి. ఆరోదానికి ఎనిమిదిన్నర నిమిషాలు పట్టింది. ఏడోదాంట్లో డొక్కలో పోటొచ్చి నడకలోకి దిగాను, పదకొండు నిమిషాలు. మొదటి నాలుగు కిలోమీటర్లలో మిగుల్చుకున్నవి రెండున్నర నిమిషాలు. తర్వాతి మూడింట్లో పోగొట్టుకున్నవి దగ్గర దగ్గర ఐదు. వడ్డీ వ్యాపారి కూడా ఇంత త్వరగా రెండింతలు లాగడు.

ఏడు దాటాక వెనక నుంచి ఆ అడుగుల చప్పుడు వినపడింది. చూడకుండానే తెలిసిపోయింది. నాన్న మొదటి కిలోమీటరు ఎనిమిది నిమిషాల్లో చేశాడు, ఏడోదీ ఎనిమిదిలోనే చేశాడు. నన్ను చూసి ఆగలేదు, తగ్గాడంతే.

"నువ్వు పో నాన్నా," అన్నాను.

"ఎక్కడికి పోను? రా. ఊపిరి వదిలేటప్పుడు పూర్తిగా వదులు. అడుగు చిన్నది చెయ్యి."

చేశాను. రెండు మూడు వందల మీటర్లకి పోటు తగ్గింది. అప్పుడు నాన్న కబుర్లు మొదలుపెట్టాడు. అరుగు మీద దెబ్బ తిన్న కథ నాకు ముందే తెలుసు. తెలియనిది ఆ రోజు చెప్పాడు. దెబ్బ తిని ఇంటికొస్తే మా తాత ఇంకోటి కొట్టాడట. "పరిగెత్తొద్దని చెప్పానా లేదా" అని. "నాయన కొట్టింది భయంతోనే. అది నాకు నువ్వు పుట్టాక గానీ తెలీలేదు. నీకు ఎప్పుడూ పరిగెత్తకు అని చెప్పలేదు, గుర్తుందా?" అన్నాడు. వాక్యం ఎక్కడా తెగలేదు. తెగింది నా ఊపిరే, కారణం ఆయాసం కాదు.

గంటా ఇరవై ఒక్క నిమిషాలకి ఇద్దరం ఒకేసారి గీత దాటాం. నేను లేకపోతే నాన్న ఇంకాస్త ముందే దాటేవాడు.

మజ్జిగ తాగుతుంటే మంచి బూట్లేసుకున్న ఒక పెద్దాయన నాన్నని మెచ్చుకున్నాడు. ఏ ఊరండీ అన్నాడు. చెప్పాడు. ఊళ్ళో ఎవరి తాలూకండీ అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్నకి అసలు అర్థం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నా ఒళ్ళు మండింది. నాన్న గ్లాసు దించి, "పేటండీ," అన్నాడు. పెద్దాయన "ఓహో" అని కాసేపాగి, "ఎంతసేపట్లో చేశారు?" అని అడిగాడు. నాన్న చెప్పాడు. ఆయన మా వెనకాల వచ్చినట్టున్నాడు, ఇంకేమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆరోజు ఏటిగట్టుకి వెళ్ళలేదట. పెద్ద వీధిలోంచి పరిగెత్తాడట, ఆ అరుగు ముందు నుంచే. కొట్టినాయన ఎప్పుడో పోయాడు. అరుగు మీద మనవడు పేపరు చదువుతున్నాడట.

"అడిగాడా నాన్నా?"

"అడిగాడు. ఎన్ని కిలోమీటర్లండీ అని."

"ఏం చెప్పావు?"

"ఇవాళ మూడే అన్నాను. నిన్న పది చేశాను కదా, కాళ్ళు పట్టేశాయి."