నూలుపోగులో పగలూ రాత్రీ

ఒక పత్తి పోగు అంటే ఒకే ఒక్క జీవకణం. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి పొందూరు ఖద్దరు పంచె ఎక్కడ కనిపించినా నా చేయి దాని అంచు మీదకే పోతోంది. గింజ తొక్క మీదున్న ఒక కణం అక్కడి నుంచి బయటికి సాగుతుంది. వెడల్పు పదిహేను మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది, అంటే మన తల వెంట్రుకలో నాలుగో వంతో ఐదో వంతో. పొడవు మాత్రం రెండు, రెండున్నర సెంటీమీటర్ల దాకా వెళుతుంది. ఆ వెడల్పును ఒక సెంటీమీటరుకు పెంచి చూపిస్తే, పోగు పొడవు పదహారు మీటర్లు దాటుతుంది. ఇంత పొడవూ ఒక్క కణమే, మధ్యలో ఎక్కడా అతుకు లేదు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ కణాలను ముందుగా వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో సన్నని పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజ ఇంకా అంటుకునే ఉన్న పత్తిని దాని మీద లాగితే చెత్త రాలిపోయి పోగులు ఒక వరసకొస్తాయి. తర్వాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. అలా వచ్చే నూలు వంద కౌంటు వరకు ఉంటుంది. వంద కౌంటు నూలు ఒక కిలో తీసుకుని సాగదీస్తే సుమారు 169 కిలోమీటర్లు వస్తుంది. అంత సన్నటి దారాన్ని అడ్డంగా కోస్తే కనిపించే పోగులు కొన్ని పదులు మాత్రమే. కాబట్టి ఒక్కో పోగు ఎలాంటిదన్నది ఆ దారానికి ప్రాణసమానమైన విషయం.

దవడ దువ్వెన పట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "ఏటి బాబూ, మా దూదిలో ఏటుందని అంతలా సూస్తన్నావు?" అంది. ఏముందో చూడాలనే ఆ కాస్త దూదిని కాగితంలో మడిచి విశాఖపట్నం తీసుకెళ్లాను. అక్కడి ప్రయోగశాలలో మూడు రకాల సూక్ష్మదర్శినులున్నాయి. కాంతితో పనిచేసేది ఆప్టికల్ మైక్రోస్కోపు. ఎలక్ట్రాన్ల పుంజంతో వస్తువు పైభాగాన్ని తడుముతూ పోయేది స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, అక్కడి వాళ్ల మాటలో సెమ్. ఎలక్ట్రాన్లను వస్తువులోంచి అటువైపుకు పంపి చూసేది ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, అంటే టెమ్. అన్నిటికన్నా పెద్ద యంత్రం మీదే చూపించమన్నాను. అక్కడి సాంకేతిక నిపుణుడు, "ముందు మీ ప్రశ్న చెప్పండి సార్, యంత్రం సంగతి తర్వాత" అన్నాడు. ఆ మాటలో ఎంత విషయముందో ఆ తర్వాత తెలిసింది.

నా మొదటి ప్రశ్న తేలికైనదే. ఈ నూలులో అంతా పత్తేనా, పోగులు బాగా పండినవేనా? దీనికి కాంతి చాలు. కాకపోతే పోగును గాజు పలక మీద పొడిగా పెడితే అంచులు నల్లటి గీతల్లా కనిపించి లోపలేముందో తెలియదు. గాలిలోంచి పోగులోకి వెళ్లేటప్పుడు కాంతి బాగా వంగిపోవడమే అందుకు కారణం. లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క వేసి పైన కవర్‌స్లిప్ పెట్టగానే ఆ నలుపు పోయింది, పోగు గాజులా తేటపడింది. చదునుగా అణగిపోయి, అక్కడక్కడా మెలితిరిగిన పట్టీ. మధ్యలో సన్నటి గీత, ఒకప్పుడు కణంలోని రసం ఉన్న బోలు అది. కాయ పగిలి రసం ఎండినప్పుడు గొట్టంలా ఉన్న పోగు ఇలా అణగి మెలిపడుతుంది. పాలిస్టర్ పోగు కలిసి ఉంటే ఆ పక్కనే నున్నటి కడ్డీలా తెలిసిపోయేది.

ఆ తర్వాత ఆయన రెండు పోలరాయిడ్ ఫలకాలను అడ్డంగా పెట్టాడు. రంగం మొత్తం చీకటైంది, పోగులు మాత్రం వెలుగుతున్నాయి. పలకను గుండ్రంగా తిప్పుతుంటే పాలిస్టర్ లాంటి నారలైతే ఒక కోణం దగ్గర పూర్తిగా ఆరిపోతాయి. పత్తి ఎక్కడా పూర్తిగా ఆరిపోదు. దాని గోడలో సెల్యులోజు తంతువులు మరమేకులా చుట్లు తిరుగుతూ, మధ్యమధ్యలో దిశ మార్చుకుంటూ వెళతాయి. అందుకే ఏ కోణంలో ఉంచినా పోగులో ఏదో ఒక ముక్క వెలుగుతూనే ఉంటుంది. నానోమీటర్ల మందం తంతువులు ఏ దిశలో ఉన్నాయో మామూలు కాంతి చెప్పేస్తోంది, ఆ తంతువులను అది చూడలేకపోయినా! నాకు ఒళ్లు పులకరించింది. ఇంకా ఒక రెడ్ ప్లేటు జోడిస్తే రంగులొస్తాయి. పోగులన్నీ ఒకే దిశలో పరిచి చూస్తే, గోడ మందంగా పండినవి పసుపు వైపు, పలచగా ఉండిపోయిన పచ్చివి నీలం, ఊదా వైపు తేలతాయి. వందల పోగులు ఒకేసారి కళ్ల ముందుంటాయి కనుక ఎన్ని పండాయో లెక్కపెట్టొచ్చు. కోట్ల రూపాయల యంత్రానికి ఈ లెక్క కష్టం, ఎందుకంటే అది ఒకసారికి ఒకటి రెండు పోగుల మీదే నిలబడుతుంది.

అయితే కాంతికి ఒక హద్దుంది. ఎంత మంచి కటకం పెట్టినా, 0.2 మైక్రాన్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయి. బొమ్మను పెద్దది చేస్తే ఆ మసకే పెద్దదవుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎక్కువ పెద్దది చేసి చూపే కటకం కింద ఒక మైక్రాను లోతు మాత్రమే స్పష్టంగా ఉంటుంది. పోగేమో పది, పదిహేను మైక్రాన్ల మందం. పై అంచుకు ఫోకస్ పెడితే కింది అంచు అలుక్కుపోతుంది.

దాంతో రెండో ప్రశ్న వచ్చింది. దువ్వినప్పుడు పోగు పైతోలు చిరుగుతుందా? పైతోలు మీద గీతలు, పగుళ్లు కాంతికి అందవు. ఇది సెమ్ పని. పోగులను కార్బన్ టేపు మీద అంటించి, పైన పది నానోమీటర్ల వరకు బంగారం పూత వేసి, గాలి తీసేసిన గదిలో పెట్టారు. పత్తి విద్యుత్తును పోనివ్వదు. పూత లేకపోతే వచ్చిపడే ఎలక్ట్రాన్లు పోగు మీదే పేరుకుపోయి, తెర మీద తెల్లటి చారికలు వస్తాయి, బొమ్మ పక్కకు జారుతుంది. తెర మీద బొమ్మ రాగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా పోగు, మెలిక ముందూ వెనకా అంతా ఒకేసారి స్పష్టంగా ఉంది! ఎంత పెద్దగా చూపిస్తుందన్నది తర్వాతి మాట. ఇంత లోతును ఒకేసారి ఫోకస్‌లో పట్టడం దాని మొదటి గొప్పతనం. ఐదువందల రెట్ల దగ్గర కూడా, అంటే కాంతికి అందే స్థాయిలోనే, ఆ లోతు కోసం సెమ్ దగ్గరికి వెళ్లడం సబబే.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. పుంజాన్ని ఒక చోట ఎక్కువసేపు నిలిపితే సెల్యులోజు దెబ్బతిని పగుళ్లు అక్కడే పుడతాయి. ఆ పగులు దువ్వెనదా, పుంజానిదా? నిపుణుడు చూపించిన పద్ధతి చాలా సులువు. అదే చోటును వెంటనే ఇంకోసారి స్కాన్ చేయాలి. పగులు పెరిగితే అది యంత్రం చేసిన గాయం. మొదటి బొమ్మలో, రెండో బొమ్మలో ఒకేలా ఉంటే అది పోగు తనతో తెచ్చుకున్నది కావచ్చు. కిలోవోల్టులు తగ్గించి, ఇంకా చూడని చోటుకు జరిగి మళ్లీ చూడాలి. పూత మందమైనా ప్రమాదమే, సన్నటి గీతలను బంగారం పూడ్చేస్తుంది.

మూడో ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు. పోగు ముందు మూడు వారాలు పొడవు పెరుగుతుంది. ఆ తర్వాత మరో మూడు నాలుగు వారాలు లోపలి వైపు గోడ కట్టుకుంటుంది, రోజుకో పొర. ఇంగ్లండుకు చెందిన లారెన్స్ బాల్స్ 1919లోనే పత్తి పోగు గోడలో ఈ రోజువారీ వలయాలను చూపించాడు. పగలు, రాత్రి తేడా వాటిలో దాగి ఉంది. వెలుతురూ వేడీ మారకుండా ఉంచి పెంచిన మొక్కల పోగుల్లో ఈ వలయాలు కనబడవని తర్వాతి పరిశోధకులు చెప్పారు. ఒక్కో వలయం కాంతికి అందే హద్దు దగ్గరే ఉంటుంది. బాల్స్ చేతిలో ఎలక్ట్రాన్ యంత్రం లేదు. అతను రసాయనాలతో పోగును ఉబ్బించాడు, పొరలు విడివడ్డాయి, కాంతికి అందాయి. చూసే పరికరం శక్తి పెంచడానికి వీల్లేనప్పుడు చూడబడే వస్తువునే పెద్దది చేశాడు.

ఆ పొరల్లో ఒక్కో తంతువు ఎలా పడుకుందో చూడాలంటే మాత్రం టెమ్ తప్పదు, తంతువు మందం కొన్ని నానోమీటర్లే కనుక. దీనికి పడే శ్రమ వేరే రకం. పోగును రెసిన్‌లో పొదిగి, పొయ్యిలో గట్టిపడనిచ్చి, వజ్రపు కత్తితో 80 నానోమీటర్ల పలచని ముక్కలు కోసి, రాగి జల్లెడ మీద ఎత్తాలి. సెల్యులోజు, రెసిన్ రెండూ తేలికైన మూలకాలతోనే తయారయ్యాయి, ఎలక్ట్రాన్లకు రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి యురేనియం, సీసం లవణాలతో రంగు పట్టించాలి. ఇన్ని రోజుల శ్రమ తర్వాత కంటికి చిక్కేది ఒక పోగులో ఒక చోటు. కత్తి అంచులోని నొక్కులు వదిలిన గీతలను తంతువులని పొరబడకుండా, దిమ్మెను తిప్పి ఇంకో దిశలో కోసి చూడాలి. గీతలు కత్తితో పాటు దిశ మారితే అవి పత్తివి కావు.

ఇప్పుడు నాకు చేయాలనున్న పని స్పష్టంగా ఉంది. ఒకే చేలో తీసిన పత్తిని రెండు వాటాలు వేయాలి. ఒకటి వాలుగ దవడతో దువ్వించాలి, రెండోది యంత్రం మీద ఏకించాలి. రెండిటి నుంచీ వందల పోగులు తీసి, ముందు కాంతి కింద తెగిన వాటిని, ముడులను, పచ్చివాటిని లెక్కపెట్టాలి. అందులో తేడా కనబడితే రెండు వాటాల నుంచీ కొన్ని పోగులను ఏ వాటావో చెప్పకుండా సెమ్ దగ్గరికి పంపాలి. చూసేవారికి ముందే తెలిస్తే కళ్లు కోరుకున్నదే వెతుకుతాయి. పైతోలు పగుళ్లు గోడ లోపలికి దిగినట్టు సెమ్‌లో అనుమానం వస్తేనే టెమ్. రాకపోతే ఆ వజ్రపు కత్తిని పెట్టెలోంచి తీయనక్కర్లేదు.