అరవై రోజుల గడువులో

హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే, అమెరికాలో ఉండటానికి మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, కాదంటే దేశం వదలాలి. మా డాలస్ శివార్లలో ఈ లెక్క తెలియని తెలుగిల్లు లేదు.

మా పక్క వీధి కుర్రాడికి అదే జరిగింది. అర్ధరాత్రి లేచి ఉద్యోగ ప్రకటనలు చూస్తూ కూర్చునేవాడు. గుండె దడ. ఊళ్లో అమ్మానాన్నలకు విషయం చెప్పలేక వాళ్ల ఫోను ఎత్తడమే మానేశాడు. "డిప్రెషనేమో అక్కా" అని వాళ్లావిడ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ చాలాసేపు మాట్లాడింది. పాపతో ఆడుకునేటప్పుడు మనసు తేలికపడుతోందా? ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఉత్సాహం వస్తోందా? రెండింటికీ అవుననే అన్నాడు. బాధంతా ఆ గడువు చుట్టూనే తిరుగుతోంది. చివరికి ఆవిడ తేల్చింది అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అని. అమెరికన్ వైద్యుల ప్రమాణాల ప్రకారం కష్టం మొదలైన మూడు నెలల్లోపు ఇది కనిపిస్తుంది. ఆ కష్టమూ దాని పర్యవసానాలూ తీరాక ఆరు నెలలకు మించి ఉండదు.

కారణం కళ్లెదుటే ఉంది కాబట్టి డిప్రెషన్ కాదనుకోవడం మాత్రం పొరపాటు. ఉద్యోగం పోయాకే నిజమైన డిప్రెషన్ కూడా రావచ్చు. కనీసం రెండు వారాలు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగానో దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉండి, వాటికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తాను పనికిరానివాణ్ణన్న భావన లాంటివి కలిసి మొత్తం ఐదు లక్షణాలు కుదిరితే, కారణం ఏదైనా దాన్ని డిప్రెషన్‌గానే చూస్తారు. చికిత్సా మారుతుంది.

ఈ అబ్బాయికి నాలుగైదు సిట్టింగులే సరిపోయాయి. మొదటిసారి కౌన్సెలర్ అతని భయాలన్నీ కాగితం మీద పెట్టించింది. వీసా, అద్దె, ఇన్సూరెన్సు, అమ్మానాన్నలకు చెప్పడం. ఒక్కోదానికీ ఈ వారం చేయగల ఒక్క పని రాయించింది. లాయరుతో మాట్లాడాక గడువు ముగిసే తేదీ ఖాయంగా తెలిసింది. నాన్నకు చెప్పేశాక నిద్ర మెరుగుపడింది. ఉద్యోగాల వెతుకులాటకు పగటివేళలు కేటాయించి, రాత్రి ఫోను వేరే గదిలో పెట్టాడు. కౌన్సెలింగ్ అతనికి ఉద్యోగం ఇవ్వలేదు, వెతికే శక్తి తిరిగి ఇచ్చింది. బయటి కష్టం తలకిందులు చేసిన మనిషికి చాలాసార్లు అవసరమయ్యేది ఇదే.

కొద్దికాలపు బాధ కదా అని తేలిగ్గా తీసుకోకండి. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్‌లోనూ ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు. అలాంటి ఆలోచన వస్తే ఒక్కరోజూ ఆగకుండా 988కి ఫోన్ చేయండి. ఉద్యోగం పోయిన రోజే, కంపెనీ ఇచ్చే ఉచిత కౌన్సెలింగ్ ఇంకా ఎన్నాళ్లు వాడుకోవచ్చో హెచ్‌ఆర్‌ను అడగండి.