నలుపు తెలుపు: కొన్ని పేజీలు

ఫిబ్రవరి 24

చేతిపుస్తకం పని వచ్చింది. ఒక యాప్ ఎలా వాడాలో తెలుగులో చెప్పాలి, మధ్యలో స్క్రీన్‌షాట్లు. అన్నీ డార్క్ థీమ్‌లో ఉన్నాయి. ప్రెస్ ఆయన ఒక్కసారి చూసి "ఇంత నలుపు పల్చటి కాగితం మీద వేస్తే ఇంకు ఎదురు పేజీకి అంటుతుందండీ" అన్నాడు. లైట్ థీమ్‌లో మళ్ళీ తీసి పంపమంటే క్లయింటు నవ్వాడు. యాప్‌లో లైట్ థీమే లేదట.

షరతు ఒకటి. ఈ స్క్రీన్లు వాళ్ళ పైవాళ్ళు సంతకం పెట్టి ఒప్పుకున్నవి. రంగు మార్చుకోవచ్చు. ఒక్క అక్షరం కదలకూడదు, ఏదీ కొత్తగా గీయకూడదు.

లేని థీమ్‌కి ఫొటో తీయాలన్నమాట.

ఫిబ్రవరి 25

పక్క సీటు అమ్మాయి సలహా: "ఇన్వర్ట్ కొట్టి, హ్యూ నూట ఎనభై తిప్పేయండి సార్. బ్రౌజర్‌లో అందరూ అదే చేస్తారు."

```
filter: invert(1) hue-rotate(180deg);
```

కొట్టి చూశాం. నేపథ్యం 18 ఉన్నది 237 అయింది. తెలుపు కాదు, ఉతికిన పంచె రంగు. హెచ్చరిక ఎరుపు #CF6679 తిరిగి తిరిగి దాదాపు అక్కడికే వచ్చి ఆగింది. నలుపు మీద బాగానే కనబడే ఎరుపు అది. తెలుపు మీద జ్వరం తగ్గిన మొహం. ప్రొఫైల్ ఫొటోలో ఆయనకి జుట్టు నెరిసి, మొహం నల్లబడింది.

"తొందరలో ఉంటే సరిపోతుంది" అంది ఆ అమ్మాయి. నిజమే.

ఫిబ్రవరి 27

ఇంతకుముందు ఈ పని పట్టినవాడెవడో ఒక స్క్రీన్ చేసి వదిలేశాడు. మ్యాజిక్ వాండ్‌తో నలుపు పట్టుకుని, పెయింట్ బకెట్‌తో తెలుపు పోసి, అక్షరాలు విడిగా పట్టుకుని నలుపు పోశాడు. మామూలు సైజులో పర్వాలేదు. ఎనిమిది రెట్లు పెద్దది చేస్తే ప్రతి అక్షరం చుట్టూ మసి.

కారణం అంచు పిక్సెళ్ళు. నేపథ్యం 18, అక్షరం 224. అక్షరం పావు వంతు మాత్రమే కప్పిన పిక్సెల్ విలువ 70 దగ్గర ఉంటుంది. అటు నేపథ్యమూ కాదు, ఇటు అక్షరమూ కాదు కాబట్టి బకెట్ దాన్ని ముట్టుకోలేదు. తెలుపు పక్కన 70 అలాగే ఉండిపోయింది. అక్కడ ఉండాల్సింది 199.

తెలుగులో ఇది మరీ బయటపడుతుంది. ఇంగ్లీషు 'ఎల్' అక్షరానికి నిలువు గీత ఒకటుంటుంది, నడుమ నిండుగా ఉంటుంది. 'క్ష్మి' చిన్న సైజులో దాదాపు అంతా అంచే.

ఫిబ్రవరి 28

అంచును పట్టుకోకూడదు. దాని జోలికే పోకూడదు. రెండు చివరలు చెప్పి, మధ్యలో ఉన్నవన్నీ వాటంతట అవే వెళ్ళేలా చేయాలి.

18 వెళ్ళి 255 కావాలి. 224 వెళ్ళి 33 కావాలి. మధ్యవి అదే నిష్పత్తిలో. పావు వంతు అక్షరం, ముప్పావు నేపథ్యం అయిన పిక్సెల్ కొత్త రంగుల్లోనూ పావు, ముప్పావుగానే ఉంటుంది. 70 దానంతటదే 199 అయింది. అది అంచని ఎవరూ దానికి చెప్పలేదు.

గింప్‌లో లెవెల్స్: ఇన్‌పుట్ 18, 224. అవుట్‌పుట్ 255, 33. అవుట్‌పుట్ మొదటి అంకె పెద్దదిగా పెట్టొచ్చని చాలామందికి తెలియదు. పెట్టొచ్చు. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఒకటే వరస:

```
magick dark.png \
  -level-colors "#121212,#E0E0E0" \
  +level-colors "#FFFFFF,#212121" light.png
```

మైనస్ ఉన్నది పాత జంటను తీసుకుంటుంది. ప్లస్ ఉన్నది కొత్త జంటను ఇస్తుంది.

మసి లేదు. టీ తాగొచ్చాను.

మార్చి 1

తేదీలు, వివరాలు రాసే బూడిద అక్షరాల గురించి బెంగ ఉండింది. వాటికి విడిగా లెక్క చేయాలేమో అనుకున్నాను. గూగుల్ మెటీరియల్ పద్ధతిలో కట్టిన యాప్ ఇది. #121212 మీద ముఖ్యమైన అక్షరం 87 శాతం తెలుపు, అంటే 224. రెండో రకం 60 శాతం తెలుపు, అంటే 160. పనిచేయని బటన్ల మీద 38 శాతం, అంటే 108.

మన లెక్కలో 160 వెళ్ళి 102 అయింది. తెల్ల కాగితం మీద 60 శాతం నలుపు వేసినా 102. 108 వెళ్ళి 158 అయింది. 38 శాతం నలుపూ అంతే.

ఎవరో ఎప్పుడో శాతాల్లో ఆలోచించి పెట్టారు. వాళ్ళకి దండం.

మార్చి 3

కార్డులు గుంటల్లా ఉన్నాయి.

డార్క్ థీమ్‌లో పైకి లేచిన వస్తువు కింద ఉన్నదానికంటే కాస్త లేతగా ఉంటుంది. నేల 18, కార్డు 30. మొత్తం తిరగేస్తే నేల 255, కార్డు 242. కార్డు నేలకంటే ముదురు. పైన ఉండాల్సింది కుంగిపోయింది. అక్షరాలకి తిరగేయడం న్యాయం, కార్డులకి కాదు. వెలుతురు పైనుంచి పడుతుందన్నది రెండు థీముల్లోనూ ఒకటే.

కాబట్టి ముక్కలు చేశాను. కార్డు లోపలి భాగం ఒక జంట: #1E1E1E, #E2E2E2 వెళ్ళి #FFFFFF, #212121. కార్డు బయట నేల ఇంకో జంట, తెలుపు బదులు #F5F5F5కి. రెంటికీ మధ్య గుండ్రటి మూలలు మాత్రం తిరగకుండా: 18 వెళ్ళి 245, 30 వెళ్ళి 255. ఆ మూల మొత్తం పన్నెండు మెట్లలో ఉంది. నలుపులో ఎవరికీ కనబడని మెట్లు.

నీడ పోయింది. కార్డు కింద నీడ ఉందని కూడా ఎవరికీ తెలియదు, అది 18కంటే కింద, నలుపు మీద నలుపు. తిరగేసినప్పుడు నేల రంగు దాటిపోయి తెగిపోయింది. లైట్ థీమ్‌లో అందరూ నీడ వేస్తారు. వేస్తే గీసినట్టే. వేయలేదు.

మార్చి 4

కరెంటు పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు.

మార్చి 5

బటన్. ఊదా రంగు #BB86FC, దానిమీద నల్ల అక్షరాలు. డార్క్ కోసం నీరు కలిపిన ఊదా అది. దీని లైట్ జోడీ #6200EE, దానిమీద తెల్ల అక్షరాలు.

పద్ధతి అదే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికది విడిగా. బటన్ నడిమి భాగం పట్టుకుని:

```
-level-colors "#000000,#BB86FC"
+level-colors "#FFFFFF,#6200EE"
```

నడుమ చక్కగా వచ్చింది. బటన్ అంచుల్లో మాత్రం ఊదా చుట్టూ పాచి రంగు దారం. అక్కడ కలిసింది నలుపు అక్షరం, ఊదా కాదు. కార్డు, ఊదా. ఆ పిక్సెళ్ళకి అది వేరే జంట: #1E1E1E, #BB86FC వెళ్ళి #FFFFFF, #6200EE. సగం సగం ఉన్న మూల పిక్సెల్ లేత ఊదాగా మారింది. దారం మాయం.

ఒక పిక్సెల్‌లో రెండు రంగులే కలిసి ఉంటే ఈ లెక్క నడుస్తుంది. మూడు కలిస్తే నడవదు. అందుకని కత్తిరించే గీత ఎప్పుడూ ఒకే రంగు పరుచుకున్న చోట నుంచి పోవాలి, అక్షరానికీ అంచుకీ మధ్య ఖాళీలో. ఆ ఖాళీ ఉన్న బటన్లు మంచివి. ఒక బటన్ మీద అక్షరం కొమ్ము అంచును తాకింది. డిజైనరు ఇంగ్లీషులో చూసి ఎత్తు పెట్టాడు. తెలుగు పెట్టాక ఎవరూ చూడలేదు.

మార్చి 6

ప్రొఫైల్ ఫొటోలు. వాటి రంగు ముట్టుకోకూడదు, గుండ్రంగా కత్తిరించి పాత చోటే పెట్టాలి. ఒక పిక్సెల్ లోపలికి కత్తిరించాలి, లేకపోతే చుట్టూ నల్ల ఉంగరం. ఫొటో ఆ మేరకు చిన్నదయింది. గీత గీయలేదు కదా, చెరిపాను. షరతులో చెరపడం గురించి లేదు.

క్యూఆర్ కోడ్ కూడా వదిలేశాను. నిన్న పొరపాటున దానిమీద కూడా లెక్క వేసి ప్రింటు తీశారు ఆఫీసులో. నలుపు మీద తెల్ల గళ్ళు. ఒకరి ఫోను చదివింది. ఇంకొకరిది చదవలేదు. చదవని ఫోను మేనేజరుగారిది.

మార్చి 9

మిగిలిన స్క్రీన్లు వాట్సాప్‌లో పంపారు. "అవే సార్, అవే" అన్నారు.

అవి కావు. పీఎన్‌జీ పోయి జేపెగ్ అయ్యాయి. నేపథ్యం 18 అని ఒక్క అంకె లేదు. అక్షరాలకి దూరంగా 18, దగ్గరకొస్తే 15, 21, 19, 24. నలుపులో ఆ చెత్త కనబడదు. తెలుపులోకి రాగానే ప్రతి మాట చుట్టూ దోమలు. 18కంటే తక్కువవి 255 దగ్గర తెగి శుభ్రంగా పోయాయి. ఎక్కువవి మిగిలాయి.

కింది అంకె 18 బదులు 26 పెట్టాను. దోమలు పోయాయి. వాటితోపాటు అక్షరాల అంచులో అతి సన్నటి పొర కూడా పోయింది, ఒత్తులు కాస్త బక్కచిక్కాయి. ఊదా బటన్లు ఇంకా కష్టం. జేపెగ్ రంగును వెలుగుకంటే మొరటుగా దాచుకుంటుంది, ఊదా రెండు పిక్సెళ్ళ మేర కార్డులోకి పాకింది. దానికి ఏ జంటా కుదరదు.

అసలు ఫైళ్ళు మెయిల్‌లో పంపమని రాశాను. "రెండూ ఒకటే కదండీ" అని జవాబు.

మార్చి 11

మెయిల్‌లో వచ్చాయి. జిప్‌లో పెట్టి, జిప్‌కి పాస్‌వర్డు పెట్టి, పాస్‌వర్డు వాట్సాప్‌లో.

మార్చి 13

ఒక స్క్రీన్ కంప్యూటర్ మీద తీసింది. విండోస్. అక్షరాల అంచుల్లో ఒకవైపు ఎర్రటి, ఇంకోవైపు నీలపు జీర, క్లియర్‌టైప్ పనితనం. మన జంట లెక్క ఒక్కో రంగుకీ విడిగా నడుస్తుంది కాబట్టి జీరలు పక్కలు మార్చుకుని సరిగ్గా లైట్ థీమ్‌లో ఉండాల్సినట్టే వచ్చాయి. హ్యూ తిప్పే పద్ధతి వాడి ఉంటే మళ్ళీ పాత పక్కకే తిరిగేవి.

ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే వినేవాళ్ళు ఆఫీసులో లేరు.

మార్చి 14

చివరి తనిఖీ. హిస్టోగ్రాం తెరిస్తే 255 దగ్గర కొండ, 245 దగ్గర గుట్ట, 102 దగ్గరా 33 దగ్గరా మొలకలు. 18 దగ్గర ఏమీ ఉండకూడదు. ఒక స్క్రీన్‌లో ఉంది. వెతికితే ఫొటోలో ఒకాయన మీసం.

పాత స్క్రీన్‌నీ కొత్తదాన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూశాను. ఏదీ కదలలేదు. అక్షరాలు మాత్రం ముందుకంటే సన్నగా అనిపించాయి. కొలిస్తే అంతే ఉన్నాయి. తెల్ల అక్షరం నలుపు మీద లావుగా కనబడుతుంది, అది కంటి సంగతి, ఫైలు సంగతి కాదు.

మార్చి 16

క్లయింటు చూశాడు. బాగుందన్నాడు. పైన మూలలో బ్యాటరీ 12 శాతం అని ఉంది, అది నిండుగా చూపిస్తే బాగుంటుందన్నాడు.

గీయకూడదన్నారు కదా అన్నాను.

పైవాళ్ళని అడిగి చెబుతానన్నాడు. పైవాళ్ళు ఇంకా చెప్పలేదు. ప్రెస్‌కి ఫైలు వెళ్ళిపోయింది, 12 శాతంతో.