బై అంటే గెలుపు కాదు బేటా

ఈద్ సెలవుల్లో మా పాలకుర్తి పిల్లలు క్రికెట్ పెట్టుకుంటే షెడ్యూల్ రాసే జిమ్మేదారీ నాదే. నాలుగో ఆరో టీములైతే పెద్ద మస్లా ఉండదు. అయిదు వచ్చాయంటేనే లడాయి. రోజూ ఎవరో ఒకరు ఖాళీగా కూర్చోవాలి కదా! "చాచా, మాకు బై వచ్చింది, రెండు పాయింట్లు రాయి" అంటాడు ఓ కెప్టెన్. నాకౌట్‌లో అయితే బై వచ్చినోడు ఆడకుండానే పై రౌండ్‌కు పోతాడు. లీగ్‌లో బై అంటే ఆరామ్, అంతే. అది అందరికీ ఒక్కోసారి వస్తుంది, అందుకే దానికి పాయింట్లుండవు.

తోచినట్టు జతలు రాసుకుంటూ పోతే మొదటి రెండు రోజులు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత మిగిలిన ఇద్దరు అప్పటికే ఆడేసినవాళ్లని తేలుతుంది. లేదంటే ఒకే టీమ్ రెండుసార్లు కూర్చుంటుంది. నేను చేసేది తేలిక. అయిదుగురు కెప్టెన్లను దస్తర్‌ఖాన్ చుట్టూ గుండ్రంగా, 1 నుంచి 5 దాకా వరసగా కూర్చోబెట్టినట్టు ఊహించుకుంటాను. మొదటి రోజు 1కి ఆరామ్. అతనికి అటూ ఇటూ ఉన్న 5, 2 ఆడతారు. వాళ్ల పక్కనున్న 4, 3 ఆడతారు. రెండో రోజు ఆరామ్ 2కి. అప్పుడు 1-3, 5-4. మూడో రోజు 2-4, 1-5. నాలుగో రోజు 3-5, 2-1. చివరి రోజు 4-1, 3-2. అయిదు రోజులు, పది మ్యాచులు, ఒక్కొక్కరికీ నాలుగు. హిసాబ్ సరిచూడాలంటే ఏ జతా రెండోసారి రాలేదని, ప్రతి నంబరూ ఒక్కసారే కూర్చుందని చూస్తే చాలు.

మ్యాచులు మొదలుకాకముందే ఆరో టీమ్ వస్తే ఇంకా ఆసాన్. ఆరామ్ ఉన్నచోట దాని పేరు రాస్తే సరి, రోజులు పెరగవు. సరి సంఖ్య మీద ఒకటి చేరితేనే ముష్కిల్. 1992 వరల్డ్ కప్‌ను మొదట ఎనిమిది జట్లతో, 28 లీగ్ మ్యాచులతో వేసుకున్నారు. చివర్లో దక్షిణాఫ్రికా వచ్చి తొమ్మిదయ్యాయి, మ్యాచులు 36 అయ్యాయి. ఒక్కో జట్టూ ఒక్కోసారి కూర్చునే లెక్కన ఏడు రౌండ్ల పని తొమ్మిదికి పెరుగుతుంది.

ఈ పద్ధతిలోనూ ఒక కసర్ ఉంది. చివరి రోజు కూర్చునే 5వ టీమ్ ఆట ముందే ముగుస్తుంది. మిగతా నలుగురికి మాత్రం ఎన్ని పాయింట్లు కావాలో, రన్‌రేట్ ఎంత దాటాలో తెలిసిపోతుంది. దీన్ని పూర్తిగా తప్పించలేం, ఎవరో ఒకరు ఆ రోజు కూర్చోవాల్సిందే. అందుకని ముందు కాగితం మీద నంబర్లతో షెడ్యూల్ రాసేసి, అందరికీ చూపించి, ఆ తర్వాతే ఎవరికి ఏ నంబరో చిట్టీలు వేస్తాను. చిట్టీ తీసేది మాత్రం ఏ టీమ్‌లోనూ లేని చిన్న పిల్ల.