ఆరేండ్ల ఖాళీ, బిడ్డ రాసిన ఉత్తరం

ఈసారి పంట ముచ్చట కాదు, మా పెద్దబిడ్డ ఉద్యోగానికి రాసిన ఉత్తరం ముచ్చట. చదువుకొని ఇంటిపట్టున ఆగిపోయిన పిల్లలు మీ ఇండ్లల్ల కూడా ఉంటరని రాస్తున్న.

బిడ్డ బీకాం చేసి పంజాగుట్టలో ఒక ఆఫీసుల రెండేండ్లు లెక్కలు రాసింది. 2018ల నాకు నడుము ఆపరేషన్ అయితే ఇంటికొచ్చింది. ఆరేండ్లు మా నాలుగెకరాలు తనే చూసింది. తర్వాత మళ్ల అమీర్‌పేట హాస్టల్‌కు పోయింది. ఈసారి లెక్కల పని కాదు. బేగంపేటలో ఆఫీసున్న ఒక కంపెనీల, రైతుల దగ్గర కూరగాయలు కొనే పని.

దరఖాస్తుతో పెట్టే కవర్ లెటర్ ఫోన్ల చదివి వినిపించింది. సగం నా ఆపరేషన్ గురించే ఉంది. నా పానం చివుక్కుమన్నది. బిడ్డ బతుకుకు నేనే అడ్డమైనట్టు అనిపించింది.

హాస్టల్‌ల ఒకామె దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టుకొమ్మన్నదట. కానీ చాలా కంపెనీలు పీఎఫ్ ఖాతా చూస్తయి. ఏ నెల ఏ కంపెనీ పైసలు కట్టిందో అందుల ఉంటది. లేని ఉద్యోగం అక్కడ బయటపడుతది. చేరినంక తెలిసినా తీసేస్తరు.

"అసలు వాళ్లకేం కావాల్నట బిడ్డా?" అని అడిగిన. ప్రకటన చదివింది: రైతులతోని మాట్లాడాలె, సరుకు గ్రేడింగ్ తెల్వాలె, తూకం లెక్కలు రాయాలె. ఇవన్నీ చేసిన పనులే కదా! ఉత్తరం మళ్ల మొదటికెళ్లి రాసింది.

"మా ఊళ్లో 14 మంది రైతుల టమాట, బీర, వంకాయ ఒక్క బండిలో వేసి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపే పని నాలుగేళ్లు చూశాను. పొలం దగ్గరే కాయను మూడు రకాలుగా ఏరించేదాన్ని. ఎవరి తూకం వారికి రాసి, తక్‌పట్టీ చూపించి డబ్బు పంచాను. ఆ నోటు పుస్తకాలు నా దగ్గరున్నాయి."

ఖాళీ గురించి చివర ఒక్కటే మాట: "2018 నుంచి 2024 వరకు కుటుంబ వ్యవసాయం చూసుకున్నాను." ఆపరేషన్ మాట లేదు. బయోడేటాల తారీఖులు మాత్రం ఉన్నయి ఉన్నట్టే పెట్టింది. దాచితే అనుమానం పెరుగుతది.

"కష్టపడే గుణముంది" అని అందరూ రాస్తరు, దాన్ని ఎవలు నమ్మరు. ఎంతమంది, ఎన్నేండ్లు, రుజువేంది అన్నది రాస్తే నిలవడతది. ఒక కంపెనీ ఫారంల ఖాళీకి కారణమేందని గడి పెట్టి అడిగిన్రు. అక్కడ ఉన్న నిజమే రాసింది, వాళ్లు పిలవలే.

బేగంపేటోళ్లు పిలిచిన్రు. ఎందుకాగినవని ఎదురుంగ అడగనే అడిగిన్రు. "నాయినకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నడు" అని రెండు ముక్కల్ల చెప్పి, నోటు పుస్తకం ముందు పెట్టింది. మిగతా అరగంట వంకాయ పుచ్చు ఎట్ల పట్టాలె అన్నదాని మీదనే నడిచిందట. ఆరునెలలు చూస్తమని తీసుకున్నరు.

మీ పిల్లలు ఇంటికాడ చేసిన పనికి లెక్క రాసిపెట్టుమనండ్రి. మా బిడ్డకు ఆ పాత నోటు పుస్తకమే సర్టిఫికెట్ అయింది.