బోర్డు మీద ఏ మాట?

సింగపూర్‌లో దుకాణం బోర్డు మీద తెలుగు కనబడటం అరుదు. ఇక్కడ అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. బడిలో తెలుగు చెప్పరు. మనలో చాలామందిమి గుడి తరగతుల్లో పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్లమే. అందువల్ల ఇక్కడ ఎవరైనా తెలుగులో బోర్డు రాయించాలనుకుంటే, పక్క వీధికి వెళ్లి చూసి రాసుకోవడానికి నమూనా ఉండదు. ఆ మాట మనమే వెతుక్కోవాలి.

పాసిర్ రిస్‌లో మా పిన్ని కూతురు బట్టలు కుడుతుంది. ఇన్నేళ్లూ ఇంట్లోనే కుట్టింది. హెచ్‌డీబీ ఇంట్లో అలాంటి చిన్న పని చేసుకోవచ్చు గాని, గుమ్మం బయట బోర్డు పెట్టకూడదు. ఇప్పుడు ఒక బ్లాకు కింద చిన్న కొట్టు అద్దెకు తీసుకుంది. బోర్డుకు ఉన్న చోటు 6 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు ఎత్తు. "అక్కా, పైన ఇంగ్లీషు ఒక వరస, కింద తెలుగు ఒక వరస. తెలుగులో ఏం రాయించను?" అని అడిగింది. బోర్డు ఒకసారి చేయిస్తే చాలా ఏళ్లు ఉంటుంది. అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. అందుకని మేమిద్దరం కూర్చుని ఒక్కొక్క మాటనూ పరీక్ష పెట్టాం. ఆ లెక్క మీకూ చెబుతాను. మీరు చదవడం నేర్చుకుంటున్నారు గనుక, ఏ మాట సులువో ఏది కష్టమో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ముందు మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాం. ఆంధ్రాలో పాత బోర్డుల మీద ఉండే వాక్యం మొదట రాశాను: "ఇచ్చట అన్ని రకముల బట్టలు కుట్టబడును." దాని కింద "కుట్టుపని", "దర్జీ", "టైలర్" రాశాం. తర్వాత అక్షరాలు లెక్కపెట్టాం. తెలుగులో అక్షరం అంటే గుణింతం, వత్తు అన్నీ కలిసిన ఒక ముద్ద అని మీకు తెలుసు. "ట్టు" ఒక్క అక్షరమే. ఆ లెక్కన పాత వాక్యం 17 అక్షరాలు, "కుట్టుపని" 4, "టైలర్" 3, "దర్జీ" 2. ఇంగ్లీషులో టైలర్ అని రాయాలంటే 6 అక్షరాలు పడతాయి. పొట్టి మాటే కావాలనుకుంటే "దర్జీ" గెలిచినట్టే.

కాని పొట్టిగా ఉన్నంత మాత్రాన మాట అర్థం కాదు. "దర్జీ" పారశీకం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. హైదరాబాదు వైపువాళ్లకు అది వాడుక మాట. మా అమ్మమ్మ పేరాక్‌లో కొబ్బరితోటలో పుట్టి పెరిగింది. ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నా తరగతిలో తొమ్మిదేళ్ల పిల్లకు చూపిస్తే "దర్జా" అని చదివింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. "జా"కీ "జీ"కీ ఉన్న తేడా అంతా పైనున్న చిన్న గుర్తులోనే ఉంది. మాట ముందే తెలిసి ఉంటే కన్ను ఆ గుర్తును దానంతట అదే సరిచేసుకుంటుంది. తెలియకపోతే రెండే అక్షరాలైనా తడబడక తప్పదు.

"టైలర్" అందరికీ తెలిసిన మాటే. అయితే పై వరసలో అదే మాట ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు దాన్ని అక్కడే చదివేస్తారు. కింద మళ్లీ తెలుగు లిపిలో రాస్తే వాళ్లకు కొత్తగా తెలిసేదేమీ లేదు. మాకు పనికొచ్చిన ప్రశ్న ఇక్కడే దొరికింది: తెలుగు వరస ఎవరి కోసం?

మా చెల్లెలి దగ్గరకు వచ్చేవాళ్లను తలుచుకుంటే మూడు గుంపులు కనబడ్డాయి. ఒకటి, ఇరుగుపొరుగు చైనీస్, మలయ్ వాళ్లు. వాళ్లకు ప్యాంటు పొడవు తగ్గించాలి, జిప్పు మార్చాలి. వాళ్లకు ఇంగ్లీషు వరస చాలు. రెండోది, ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు. మూడోది, మనలాంటి పాతకాపుల ఇళ్లలోని పెద్దవాళ్లు. వెనుక రెండు గుంపులూ వచ్చేది చీర మీదికి రవిక కుట్టించుకోవడానికే. ఆ పని అందరు టైలర్లూ చేయరు. తెలుగు వరస చెప్పాల్సిన కబురు అదే.

ఇక దేన్ని ఏమనాలి? కొత్తగా వచ్చినవాళ్లు "బ్లౌజు" అంటారు. కోస్తా పల్లెల్లో చాలామంది "జాకెట్టు" అంటారు. మన ఇళ్లలో "రవిక" అంటారు. "జాకెట్లు" అని రాస్తే ఇక్కడ పెరిగిన పిల్లలు చలికోటు అనుకుంటారు, ఎందుకంటే వాళ్లకు ఆ మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది. "బ్లౌజులు" మూడే అక్షరాలు గాని, మొదటి అక్షరం "బ్లౌ"లో బకారం, కింద లవత్తు, పైన ఔత్వం కలిసి ఉంటాయి. దూరం నుంచి అది ఒక చుట్టలా కనబడుతుంది. "రవికలు" నాలుగు అక్షరాలు. ఒక్క వత్తు కూడా లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పొరుగింటి ఆవిడను అడిగితే, "నేను బ్లౌజు అనే అంటానండీ, కానీ రవిక అంటే తెలియకపోవడమేం?" అంది. ఒక గుంపు వాడే మాట, ఇంకో గుంపు వాడకపోయినా వెంటనే పోల్చుకునే మాట. రెండు గుంపులనూ కలపడానికి అంతకంటే మంచి మాట మాకు దొరకలేదు.

"రవికలు" అని మాత్రమే రాస్తే ఇంకో చిక్కు వచ్చింది. బోర్డు మీద వస్తువు పేరు ఒక్కటే ఉంటే, ఆ వస్తువు అక్కడ అమ్ముతారని అర్థం. "పూలు" అంటే పూలు అమ్ముతారు. కుట్టే కొట్టుకు క్రియ కావాలి. "కుట్టబడును" వ్యాకరణం ప్రకారం సరైనదే, బోర్డులకు అలవాటైనదే. కాని ఎవరూ నోటితో అనరు. నా తరగతి పిల్లలు "బడును" దగ్గర ఆగి "బడి" కోసం వెతికారు. "కుడతాం" అన్నది మూడు అక్షరాలు, వత్తు లేదు, రోజూ అనే మాట. "రవికలు కుడతాం". మొత్తం 7 అక్షరాలు.

"దర్జీ" రెండే అక్షరాలు, ఇది ఏడు. అయినా ఇదే మేలని ఎలా చెప్పగలం? దానికి ఎత్తు కొలవాలి. బోర్డులు రాసేవాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: ఒక అంగుళం ఎత్తున్న అక్షరం సుమారు 10 అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి, గీత కిందికి దిగవు. తెలుగులో పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తు ఉంటుంది. తెలుగు వరసకు మాకు మిగిలింది 6 అంగుళాలు. "దర్జీ" రాస్తే పైగుర్తుకూ కింది వత్తుకూ చోటు పోను, అసలు అక్షరానికి రమారమి 3 అంగుళాలే మిగిలాయి. "రవికలు కుడతాం" రాస్తే కింది వత్తు చోటు మిగిలిపోయి అసలు అక్షరం 4 అంగుళాలు దాటింది. అంటే సుమారు 10 అడుగులు ఎక్కువ దూరం నుంచి చదవవచ్చు. 6 అడుగుల పొడవులో ఏడు అక్షరాలు ఇరుకు లేకుండా పట్టాయి కూడా. కాబట్టి అక్షరాల సంఖ్య ఒక్కటే చూడకండి. కన్ను విప్పుకోవాల్సిన ముడులు ఎన్నో కూడా లెక్కపెట్టండి.

ఇంకో జాగ్రత్త అచ్చు దగ్గర. ఇక్కడ బోర్డు చేసేవాళ్లకు తెలుగు రాదు. వాళ్ల కంప్యూటరులో కొన్ని ప్రోగ్రాములు వత్తులను సరిగ్గా కలపవు. అప్పుడు "దర్జీ" కాస్తా "దర్‌జీ" అని విడిపోతుంది, "అమ్మ" కాస్తా "అమ్‌మ" అవుతుంది. చేసేవాళ్లకు ఆ తేడా తెలియదు. అందుకని మాటను టైపు చేసి పంపకండి. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ పంపండి, ఖరారు చేసేముందు నమూనా తెప్పించుకుని వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవండి. మా బోర్డు మాటల్లో వత్తు లేదు గనుక విరిగేదేమీ లేదు. అయినా "కుడతాం"లో సున్న ఎగిరిపోలేదని చూసుకున్నాం.

ఇదే పరీక్ష మందుల కొట్టుకు పెడితే జవాబు వేరుగా వస్తుంది. "ఔషధశాల" అచ్చమైన పుస్తకాల మాట. ఐదు అక్షరాల్లో "ఔ" మనం ఎప్పుడో గాని చూడం, "ష", "శ" రెండూ ఉన్నాయి, "ధ" ఒత్తి పలకాలి. నేర్చుకునేవాళ్లకు అది గుంటల రోడ్డు. "మందుల షాపు" కూడా ఐదే అక్షరాలు, అందరి నోటా ఉన్న మాట. కాని ఇంకా పొట్టి చేద్దామని అందులో "ల" తీసేయకండి. "మందు షాపు" అంటే ఆంధ్రాలో బ్రాందీ అమ్మే చోటు! పల్లెల్లో "మందులు" అంటే పొలానికి కొట్టే పురుగుమందులు కూడా కావచ్చు. పక్కనే ఎరువుల కొట్టు ఉంటే ఆ తికమక ఇంకా ఎక్కువ. "ఫార్మసీ" మూడు అక్షరాలు. ఆంధ్రా, తెలంగాణ పట్నాల్లో ఇప్పుడది బాగా అలవాటైంది. మలయ్‌లో కూడా దాదాపు అదే మాట గనుక మలేషియాలో పెరిగిన మన పెద్దలకు అది చెవికి కొత్త కాదు. టైలరు బోర్డు మీద అక్కర్లేదనుకున్న ఇంగ్లీషు మాటే మందుల కొట్టు మీద సరిపోతుంది. ఒంట్లో బాగాలేనివాళ్లు కొత్త కబురు కోసం చూడరు, తెలిసిన మాట కోసం చూస్తారు.

మా చెల్లెలు చివరికి ఇంగ్లీషు వరసలో టైలర్ అనీ, పక్కన చిన్న అక్షరాలతో ఆల్టరేషన్స్ అనీ రాయించింది. తెలుగు వరసలో "రవికలు కుడతాం". పై వరస, కింది వరస ఒకదానికొకటి అనువాదం కావు. ఏ వరస చదివేవాళ్లకు ఆ వరస వాళ్ల పని చెబుతుంది. దీనికి ఖర్చూ ఉంది. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దాయన ఎవరైనా ప్యాంటు పట్టుకుని వస్తే, ఇక్కడ ఆడవాళ్ల బట్టలే కుడతారనుకుని వెనక్కి తిరగవచ్చు. అలాంటివాళ్లు ఇక్కడ బహు కొద్దిమంది గనుక ఆ నష్టానికి ఒప్పుకున్నాం. వాళ్లే ఎక్కువున్న ఊళ్లో అయితే "బట్టలు కుడతాం" అని రాయించేవాళ్లం.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఇలాంటి బోర్డు రాయిస్తుంటే, మాటను ముందు ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి. 30 అడుగులు వెనక్కి నడవండి. ఒక పిల్లనూ, ఒక ముసలావిడనూ, నిన్నగాక మొన్న ఊరినుంచి వచ్చినవాళ్లనూ పిలిచి, "ఈ కొట్లో ఏం చేస్తారు?" అని అడగండి. ఏం రాసి ఉందని అడగవద్దు. ముగ్గురూ ఒకే జవాబు చెబితే ఆ మాట బోర్డుకు పనికొస్తుంది.